అన్న 300 అంటున్నాడు, మా ఆయన 500 పైనే అంటున్నాడు: మా బండల ఫ్యాక్టరీ షేరు ధర ఎంత?

బండలింటి బిడ్డ, కడప · ఆదివారం రాత్రి

నమస్కారం. మాది ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ ఫ్యాక్టరీ. నాయన పెట్టింది, తర్వాత ప్రైవేట్ లిమిటెడ్ చేశారు. మొత్తం 20,000 షేర్లు, ఒక్కోటి 100 రూపాయలది. అందులో నావి 2,000. మిగతావి అమ్మ, అన్న, వదిన పేర్ల మీద ఉన్నాయి. నాయన పోయినాక ఫ్యాక్టరీ మొత్తం అన్నే చూసుకుంటున్నాడు.

పాప చదువుకు డబ్బు కావాల్సి వచ్చి నా షేర్లు అన్నకే ఇచ్చేస్తానన్నా. అన్న షేరుకు 300 ఇస్తానన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు, భూమి రేటు పెరిగింది, గుడ్‌విల్ ఉంది, 500 పైన రావాలి అంటున్నాడు. మాట పెరిగి, "ఏటా వచ్చే డివిడెండు చూస్తే నీ షేరు 50 కూడా చెయ్యదు" అన్నాడు అన్న. ఆ మాటకు రెండు రోజులు నిద్ర పట్టలేదు.

నా దగ్గర 2025 మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీటు ఉంది. లక్షల్లో చెబుతున్నా. ఆస్తులు: భూమి, షెడ్లు 18, మిషన్లు 30, సరుకు 20, రావాల్సిన బాకీలు 22, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ 8, నగదు 2. అప్పుల వైపు: బ్యాంకు లోన్లు 25, మేం ఇవ్వాల్సినవి 12, పన్నుకు పక్కన పెట్టింది 3. షేర్ క్యాపిటల్ 20, రిజర్వులు 40. పన్ను కట్టకముందు లాభం మూడేళ్ళవి: 16, 20, 21 లక్షలు. డివిడెండు షేరుకు 6 రూపాయలు.

300, 50, 500. ఒకే షేరుకు ఇన్ని ధరలు ఎట్లా వస్తాయి? ఎవరిది తప్పు?

మెడికల్ షాపు, కర్నూలు · ఆదివారం రాత్రి

అమ్మా, గుడ్‌విల్ విషయంలో మోసపోవద్దు. పాతబస్తీలో మా షాపు ఖాళీ చేసేటప్పుడు వచ్చేవాడు నాకు 4 లక్షల గుడ్‌విల్ ఇచ్చాడు. ఓనరు అందులో సగం నాది అన్నాడు. నువ్వు ముందే రాతకోతలు చేసుకో. షాపు మెయిన్ రోడ్డులో ఉంటే గుడ్‌విల్ ఎక్కువ అడగొచ్చు.

అనంత బీకాం · ఆదివారం రాత్రి

సార్, మీరు చెప్పేది షాపు సెంటరుకు ఇచ్చే డబ్బు. అక్క అడిగేది కంపెనీ గుడ్‌విల్, అంటే మామూలు కంటే ఎక్కువ లాభం తెచ్చిపెట్టే పేరుకు కట్టే విలువ. మాకు ఫైనల్ ఇయర్‌లో ఇదే చాప్టరు జరుగుతోంది కాబట్టి లెక్క నేను చేస్తాను.

అక్కా, ఆస్తులకు ఇప్పటి మార్కెట్ ధరలు చెప్పగలరా?

బండలింటి బిడ్డ, కడప · సోమవారం ఉదయం

భూమి, షెడ్లు కలిపి 50 లక్షలు చేస్తాయని ఇద్దరు ముగ్గురు చెప్పారు. రెండెకరాలు, రోడ్డు పక్కనే. మిషన్లు పాతబడ్డాయి, 24 కంటే రాదు. సరుకులో అంచులు విరిగిన బండలు తీసేస్తే 17. బాకీల్లో 2 లక్షలు ఇక రావు, వాళ్ళు ఊరు విడిచి పోయారు. డిపాజిట్, నగదు ఉన్నట్టే.

అనంత బీకాం · సోమవారం ఉదయం

అయితే ఇదీ లెక్క. మూడేళ్ళ సగటు లాభం 19 లక్షలు. పన్ను నాలుగో వంతు తీస్తే 14.25. కంపెనీలో పెట్టిన సొమ్ము, అంటే క్యాపిటల్, రిజర్వులు కలిపి 60 లక్షలు. మామూలుగా 12 శాతం రావాలనుకుంటే 7.20. కాబట్టి దానికి మించి వచ్చేది, అంటే సూపర్ ప్రాఫిట్, 7.05 లక్షలు. మూడేళ్ళ కొనుగోలు పెడితే, అంటే దాన్ని మూడు రెట్లు చేస్తే, గుడ్‌విల్ 21.15 లక్షలు.

ఇప్పుడు నికర ఆస్తులు. మార్కెట్ ధరలతో ఆస్తులు 121, అప్పులు 40 తీస్తే 81. దానికి గుడ్‌విల్ కలిపితే 102.15 లక్షలు. 20,000 షేర్లకు పంచితే ఒక్కోటి 510 రూపాయల 75 పైసలు. బావ చెప్పింది కరెక్టే అక్కా.

పాత ఖాతా పుస్తకం, ప్రొద్దుటూరు · సోమవారం మధ్యాహ్నం

బాబూ, మెట్లన్నీ వరసగానే ఎక్కావు, కానీ రెండు చోట్ల కాలు జారింది. పరీక్షలో లెక్క ఇచ్చేవాడు లాభాన్ని శుభ్రం చేసి ఇస్తాడు. ఇక్కడ ఆ పని మనమే చెయ్యాలి. అందుకే రేటు గురించి, ఏళ్ళ గురించి మాట్లాడే ముందు అమ్మాయిని మూడు అడుగుతున్నా.

మధ్య సంవత్సరంలో లాభం ఒక్కసారిగా 20 ఎందుకైంది? బండల అమ్మకం పెరిగిందా, ఏదైనా పాతది అమ్మారా?

మీ అన్న కంపెనీ నుంచి నెలకు ఎంత తీసుకుంటాడు?

డిపాజిట్ మీద వడ్డీ ఆ లాభంలోనే కలిసిందా?

బండలింటి బిడ్డ, కడప · సోమవారం రాత్రి

సార్, వదినను అడిగి తెలుసుకున్నా. ఆ ఏడాది పాత జేసీబీ అమ్మితే 3 లక్షల లాభం వచ్చిందట. అన్న నెలకు 20,000 మాత్రమే తీసుకుంటాడు, నాయన ఉన్నప్పటి నుంచి అంతే. డిపాజిట్ వడ్డీ ఏడాదికి 60,000, అది కూడా లాభంలోనే ఉంది.

పాత ఖాతా పుస్తకం, ప్రొద్దుటూరు · సోమవారం రాత్రి

బాగా కనుక్కున్నావమ్మా. జేసీబీ మళ్ళీ మళ్ళీ అమ్మలేం, కాబట్టి ఆ 3 లక్షలు తీసెయ్యాలి. అప్పుడు మూడేళ్ళవి 16, 17, 21. సగటు 18.

ఇక మీ అన్న జీతం. పొద్దున్నే క్వారీకి పోయి బండ ఎంచుకొచ్చి, కూలీలను చూసుకొని, బెంగళూరు పార్టీలతో మాట్లాడి, బాకీలు వసూలు చేసే మనిషిని బయట పెట్టుకుంటే నెలకు 50,000 లేనిదే రాడు. అంటే ఏడాదికి 3.60 లక్షల కష్టాన్ని ఆయన లెక్కలో రాయకుండా ఫ్యాక్టరీలో పోస్తున్నాడు. దాన్ని ఫ్యాక్టరీ లాభం అనుకొని గుడ్‌విల్ కడితే, ఆయన ఒంటి కష్టాన్ని ఆయనకే అమ్మినట్టు అవుతుంది. నీకు ఈ మాట నచ్చకపోవచ్చు, కానీ ఇది తియ్యాల్సిందే.

వడ్డీ 60,000 కూడా తీద్దాం. డిపాజిట్ బండలు కొయ్యదు కదా. దాన్ని చివర్లో విడిగా కలుపుకుందాం.

18 లోంచి ఈ రెండూ తీస్తే 13.80. పన్ను నాలుగో వంతు పోగా 10.35 లక్షలు. బీకాం బాబు పట్టుకున్న 14.25కు, దీనికి ఎంత తేడా ఉందో చూడండి.

అనంత బీకాం · సోమవారం రాత్రి

సార్, జీతం సంగతి నేను ఆలోచించలేదు. మా లెక్కల్లో ప్రొప్రైటరుకు జీతం తియ్యమని ఉంటుంది కానీ కంపెనీకి ఉండదు. రెండో తప్పేంటో చెప్పండి.

పాత ఖాతా పుస్తకం, ప్రొద్దుటూరు · మంగళవారం ఉదయం

రెండోదే అసలైనది. అమ్మాయి వాళ్ళాయన కూడా ఇక్కడే పొరబడ్డాడని నా అనుమానం.

సూపర్ ప్రాఫిట్ కట్టేటప్పుడు నువ్వు పెట్టుబడిని పుస్తకం విలువతో, 60 అని తీసుకున్నావు. అందులో భూమి 18 లక్షలే. భూమి తక్కువ కాబట్టి రావాల్సిన మామూలు లాభం తగ్గింది, గుడ్‌విల్ పెరిగింది. తర్వాత నికర ఆస్తులకు వచ్చేసరికి అదే భూమిని 50 అన్నావు. ఒక చోట చవక భూమి, ఇంకో చోట ఖరీదైన భూమి. రెండు వైపులా లాభం అమ్మేవాళ్ళకే వచ్చేట్టు కట్టిన లెక్క ఇది.

50 లక్షల భూమిలో కూచొని వ్యాపారం చేస్తున్నామంటే, ఆ 50 లక్షల మీద కూడా రాబడి చూపించాలి. చూపించగా మిగిలితేనే గుడ్‌విల్. ఆస్తులను మార్కెట్ ధరకు పెంచితే పెట్టుబడినీ పెంచాలి. కాబట్టి 81 లోంచి డిపాజిట్ 8 పక్కన పెట్టి, పెట్టుబడి 73 అనుకుందాం. 12 శాతం చొప్పున మామూలు లాభం 8.76. మనకు వచ్చింది 10.35. సూపర్ ప్రాఫిట్ 1.59 లక్షలు మాత్రమే. మూడేళ్ళకు 4.77. దాన్ని 81కి కలిపితే 85.77 లక్షలు, షేరుకు దాదాపు 429.

నువ్వు 7.05 అన్న సూపర్ ప్రాఫిట్ 1.59కి దిగిపోయింది.

బేతంచెర్ల పాలిష్ · మంగళవారం ఉదయం

నేనూ ఇదే వ్యాపారంలో 18 ఏళ్ళుగా ఉన్నా, అందుకే ఆ అన్న తరఫున మాట్లాడతా. 12 శాతం అని ఎవరు చెప్పినారు? బ్యాంకులో ఊరికే వేస్తే 7 దాకా వస్తుంది. మాకు బ్యాంకు లోనే 10, 11 పడుతుంది. గుజరాత్ మోర్బీ నుంచి టైల్స్ వచ్చి ఇళ్ళలో బండ పరిచేవాళ్ళు తగ్గిపోయినారు. కరెంటు బిల్లు, బండలు కోస్తే వచ్చే స్లర్రీ బురద తోలించే ఖర్చు, కూలీలు దొరక్కపోవడం, ఇన్ని ఉన్న పనిలో డబ్బు పెట్టేవాడు 15 కంటే తక్కువకు పెట్టడు.

15 వేసి చూడండి. 73 మీద 10.95. వచ్చింది 10.35. గుడ్‌విల్ ఎక్కడుంది?

పాత ఖాతా పుస్తకం, ప్రొద్దుటూరు · మంగళవారం మధ్యాహ్నం

మీరన్నది నిజం. 15 వేస్తే సూపర్ ప్రాఫిట్ లేదు, 60,000 లోటు. అప్పుడు గుడ్‌విల్ సున్నా, షేరు 81 లక్షల మీద 405. ఈ లెక్క మొత్తం ఆ ఒక్క రేటు మీద ఊగుతుంది, కానీ దాన్ని ఏ పుస్తకమూ చెప్పదు. నా అనుభవంలో ఇలాంటి రాతి యూనిట్లకు 15 దగ్గరగానే అడుగుతారు. 12 అనేవాళ్ళూ ఉన్నారు.

అనంత బీకాం · మంగళవారం సాయంత్రం

సార్, మూడేళ్ళ కొనుగోలు బదులు మూలధనీకరణ పద్ధతి, అంటే లాభాన్ని రేటుతో భాగించి అంత లాభానికి ఎంత సొమ్ము కావాలో చూసేది, వాడితే? 12 శాతమే ఉంచి చేశాను. సూపర్ ప్రాఫిట్ 1.59ని 12 శాతంతో మూలధనం చేస్తే 13.25 లక్షలు. సగటు లాభం 10.35ని మూలధనం చేస్తే 86.25, అందులో 73 తీసినా 13.25 వచ్చింది. రెండూ ఒకటే అయ్యాయి! కానీ మూడేళ్ళ కొనుగోలుకు 4.77 మాత్రమే. ఏది కరెక్టు?

పాత ఖాతా పుస్తకం, ప్రొద్దుటూరు · మంగళవారం రాత్రి

ఆ రెండూ ఒకటే కావడం వింత కాదు, ఒకే లెక్కను రెండు దారుల్లో నడిచావు. మూడేళ్ళ కొనుగోలుతో తేడా ఎందుకంటే, 12 శాతంతో మూలధనం చెయ్యడమంటే దాదాపు 8.33 ఏళ్ళ కొనుగోలు పెట్టినట్టు. 100ని 12తో భాగించు, తెలుస్తుంది. ఈ ఎక్కువ లాభం ఎప్పటికీ ఆగకుండా వస్తుందని నమ్మేవాడు మూలధనం చేస్తాడు. మూడేళ్ళలో ఎండిపోతుందనుకునేవాడు మూడేళ్ళు పెడతాడు. మోర్బీ టైల్స్ సంగతి విన్నాక నేనైతే ఎప్పటికీ అనలేను.

కానీ మూలధనీకరణకు ఒక మంచి గుణం ఉంది. లెక్కలో ఎవరైనా రెండు సార్లు లెక్కబెట్టారా అనేది అది పట్టిస్తుంది. ఒకసారి భూమితో సహా అన్నీ పుస్తకం విలువకే ఉంచి చెయ్యి. పెట్టుబడి 60లో డిపాజిట్ పోగా 52. దాని మీద 12 శాతం 6.24. సూపర్ ప్రాఫిట్ 4.11. మూలధనం చేస్తే 34.25. దాన్ని పుస్తకం నికర విలువ 60కి కలిపితే 94.25 లక్షలు.

ఇప్పుడు మార్కెట్ ధరలతో చేసింది చూడు. 81కి 13.25 కలిపితే అదీ 94.25 లక్షలే. షేరుకు 471. భూమిని 18 అన్నా 50 అన్నా మొత్తం కదల్లేదు, ఎందుకంటే ఫ్యాక్టరీ సంపాదించేది 10.35 లక్షలే. భూమికి ఎక్కువ పేరు పెడితే గుడ్‌విల్‌కు తక్కువ మిగులుతుంది, అంతే.

ఇక రెంటినీ కలగలిపి 81కి 34.25 కలిపితే 115.25. సరిగ్గా 21 లక్షలు ఎక్కువ. ఆస్తుల విలువ మార్కెట్ ధరలతో నికరంగా పెరిగింది కూడా సరిగ్గా 21 లక్షలే. ఇలాంటి తేడా ఎక్కడ కనిపించినా, రెండు సార్లు లెక్కబెట్టారని గట్టిగా చెప్పొచ్చు.

బండలింటి బిడ్డ, కడప · మంగళవారం రాత్రి

సార్, ఇది మా ఆయనకు చూపించా. రెండు సార్లు చదివి, "అయితే 500 రాదన్నమాట" అన్నాడు. కోపం పోలేదు కానీ వాదించలేదు.

మరి అన్న చెప్పిన 50 సంగతి? అది మాత్రం నాకు అన్యాయంగానే అనిపిస్తోంది.

అనంత బీకాం · బుధవారం ఉదయం

అది యీల్డ్ పద్ధతి అక్కా, చేతికొచ్చే రాబడిని బట్టి ధర కట్టేది. 100 రూపాయల షేరుకు 6 డివిడెండు అంటే 6 శాతం. మార్కెట్లో 12 శాతం ఆశిస్తే, 6ను 12తో భాగించి 100తో గుణిస్తే 50. ఫార్ములా ప్రకారం తప్పు లేదు.

కంపెనీ సెక్రటరీ, కర్నూలు · బుధవారం ఉదయం

ఫార్ములాలో తప్పు లేకపోవచ్చు, వాడిన చోటు తప్పు. ఏడాదికి 10 లక్షలు పైన సంపాదించే కంపెనీ 20,000 షేర్లకు 6 రూపాయల చొప్పున పంచేది 1.20 లక్షలు. మిగతాదంతా కంపెనీలోనే ఉంటోంది. ఎంత పంచాలో నిర్ణయించేది ఎవరు? షేర్లు కొనబోతున్న ఆ అన్నే. తానే తక్కువ డివిడెండు ప్రకటించి, ఆ డివిడెండును చూపించి తక్కువ ధర అడగడం ఎలా కుదురుతుంది?

సుప్రీంకోర్టు 1970ల మొదట్లో మహాదేవ్ జలాన్ కేసులో, సంపద పన్ను సందర్భంలో, ఇదే మాట చెప్పింది. డివిడెండు కంపెనీ సంపాదనకు తగ్గట్టుగా ఉంటేనే దాన్ని పట్టుకోవాలి, లేకపోతే కంపెనీ సంపాదించేదాన్ని, సంపాదించగలిగేదాన్ని చూడాలి. ఆస్తులు విడదీసి లెక్కగట్టే పద్ధతి కంపెనీ మూతపడేలా ఉన్నప్పుడు, లేదా అలాంటి అరుదైన పరిస్థితుల్లో వాడాలంది.

సంపాదన మీద యీల్డ్ చూస్తే, డిపాజిట్ వడ్డీ పన్ను పోను 45,000 కలిపి 10.80 లక్షలు. షేరుకు 54. 12 శాతంతో 450, 15 శాతంతో 360.

బేతంచెర్ల పాలిష్ · బుధవారం మధ్యాహ్నం

మేడమ్, ఒక మాట. 10 శాతం వాటా కొనే బయటివాడు ఎవరూ లేరు. కొన్నా ఫ్యాక్టరీలో కుర్చీ కూడా ఉండదు, డివిడెండు తప్ప ఏమీ రాదు. చిన్న వాటాకు డివిడెండు యీల్డ్, పెద్ద వాటాకు సంపాదన యీల్డ్ అని మా ఆడిటరు కూడా చెప్పినాడు. 50 అనడం మొరటే, నేనూ ఒప్పుకోను. కానీ 450 మాత్రం ఎట్లా ఇస్తాడు?

కంపెనీ సెక్రటరీ, కర్నూలు · బుధవారం సాయంత్రం

మీ ఆడిటరు చెప్పింది బయటి మదుపరికి. ఇక్కడ కొనేవాడు ఇప్పటికే ఫ్యాక్టరీ నడుపుతున్న మనిషి. ఆయన చేతికి వెళ్ళాక ఆ 2,000 షేర్లు చిన్న వాటా కాదు. అయినా అన్నాచెల్లెళ్ళ కంపెనీలో చిన్న వాటా అని ధర తగ్గించొచ్చా అనేదాని మీద మా వాళ్ళలోనే రెండు అభిప్రాయాలున్నాయి. నేను తగ్గించకూడదనే పక్షాన ఉంటాను.

అమ్మా, ముందు మీ కంపెనీ ఆర్టికల్స్, అంటే నియమావళి, తీసి చదవండి. షేర్లు అమ్మాలంటే ముందు సభ్యులకే చూపించాలని, ధర ఆడిటరు న్యాయంగా నిర్ణయించాలని చాలా కుటుంబ కంపెనీల్లో రాసి ఉంటుంది. అలా ఉంటే మన లెక్కలన్నీ ఆ ఆడిటరు ముందు పెట్టాల్సినవే. ఇంకో విషయం, 2013 కంపెనీల చట్టంలో 244వ సెక్షన్ ప్రకారం పదో వంతు షేర్లున్నవాళ్ళు అన్యాయం జరిగిందని ట్రిబ్యునల్‌కు పోవచ్చు. మీకు సరిగ్గా పదో వంతు ఉంది. పొమ్మని చెప్పడం లేదు. 

పన్ను కూడా చూసుకోవాలి. ఆదాయపు పన్ను నిబంధనల లెక్కలో భూమికి సబ్ రిజిస్ట్రార్ విలువ, మిగతా వాటికి పుస్తకం విలువ వేస్తారు. ఆ లెక్క కన్నా తక్కువకు అమ్మితే, అంతకు అమ్మినట్టే భావించి మీ మీద క్యాపిటల్ గెయిన్స్ వేస్తారు. కొనేది అన్నే అయినా అమ్మేవాళ్ళకు ఈ విషయంలో మినహాయింపు లేదు. మీ భూమికి రిజిస్ట్రార్ విలువ ఎంత?

బండలింటి బిడ్డ, కడప · గురువారం ఉదయం

భూమి, షెడ్లకు కలిపి 33 లక్షలన్నారు మేడమ్.

కంపెనీ సెక్రటరీ, కర్నూలు · గురువారం ఉదయం

అయితే మిగతా ఆస్తులు 82, భూమి 33, అప్పులు 40 తీస్తే 75 లక్షలు. షేరుకు 375. అన్న చెప్పిన 300కి అమ్మితే చేతికి 300 వస్తుంది, పన్ను మాత్రం 375కి లెక్కగడతారు. ఈ ఒక్క కారణం చాలు 300 కాదనడానికి.

అనంత బీకాం · గురువారం మధ్యాహ్నం

సార్, చివరి అనుమానం. పరీక్షలో నికర ఆస్తుల విలువ, యీల్డ్ విలువ రెండూ కలిపి సగం చేసి న్యాయమైన విలువ అంటాం. 429, 450 కలిపి సగం చేస్తే 439 దాకా వస్తుంది. అదే చెప్పొచ్చా?

పాత ఖాతా పుస్తకం, ప్రొద్దుటూరు · గురువారం రాత్రి

చెప్పొచ్చు, కానీ ఏం కలుపుతున్నావో తెలిసి కలుపు. ముందు ఒకటి చూడు. 10.35ని 12 శాతంతో మూలధనం చేసి 86.25, దానికి డిపాజిట్ 8 కలిపితే 94.25. షేరుకు 471. ఇది యీల్డ్ లెక్కే. మూలధనీకరణ గుడ్‌విల్‌తో కట్టిన నికర ఆస్తుల విలువా అదే 471. అంటే గుడ్‌విల్‌ను అలా కట్టి నికర ఆస్తులకు కలిపితే, అది ఇక ఆస్తుల విలువ కాదు, సంపాదన విలువే వేషం మార్చి వచ్చింది. ఆ రెంటిని సగం చెయ్యడమంటే ఒకే మనిషిని రెండు సార్లు సాక్షి చెప్పించడమే.

మేడమ్ వేసిన 450, ఈ 471 మధ్య తేడా డిపాజిట్ వల్ల వచ్చింది. 8 లక్షల డిపాజిట్ ఇచ్చే వడ్డీని 12 శాతంతో మూలధనం చేస్తే 3.75 లక్షలే అవుతుంది. బ్యాంకులో ఉన్న 8 లక్షలు 8 లక్షలే కదా. అందుకే దాన్ని ముందే పక్కన పెట్టమన్నా.

సగం చెయ్యాలనుకుంటే గుడ్‌విల్ లేని 405ని, సంపాదన విలువను పక్కపక్కన పెట్టు. అవైతే నిజంగా రెండు వేర్వేరు చూపులు. 15 శాతంతో సంపాదన విలువ 69 లక్షలు, డిపాజిట్ 8 కలిపి 77, షేరుకు 385.

అమ్మాయీ, ఇంకొకటి అడగాలి. రెండెకరాల్లో షెడ్లు ఎంత మేర ఉన్నాయి?

బండలింటి బిడ్డ, కడప · గురువారం రాత్రి

ఒక ఎకరాలోనే సార్. రెండో ఎకరా ఖాళీగానే ఉంది. దాని ఒక్కదానికే 20 లక్షలు వస్తుందంటారు.

పాత ఖాతా పుస్తకం, ప్రొద్దుటూరు · శుక్రవారం ఉదయం

అయితే లెక్క మళ్ళీ తిరుగుతుంది. వ్యాపారానికి అక్కర్లేని ఎకరాను డిపాజిట్ లాగానే పక్కన పెట్టాలి. దాని మీద రాబడి చూపించమని ఫ్యాక్టరీని అడగడం న్యాయం కాదు. పెట్టుబడి 73 కాదు, 53. 15 శాతమే వేసినా మామూలు లాభం 7.95. సూపర్ ప్రాఫిట్ 2.40. బేతంచెర్ల ఆయన రేటుతోనే గుడ్‌విల్ వచ్చింది. మూడేళ్ళకు 7.20. 81కి కలిపితే 88.20 లక్షలు, షేరుకు 441.

బేతంచెర్ల పాలిష్ · శుక్రవారం మధ్యాహ్నం

సార్, మీరు పెద్దవారు, లెక్క నేను కాదనను. కానీ పాలిష్ ఫ్యాక్టరీలో ఖాళీ ఎకరా అంటూ ఉండదు. లారీలు తిరగాలి, బండలు నిలబెట్టాలి, స్లర్రీ ఎండబెట్టాలి. ఆ అమ్మకు ఖాళీగా కనిపించేది వాళ్ళన్నకు యార్డు. దాన్ని అమ్మేస్తే రెండో నెలలోనే ఇంకో చోట అద్దెకు తీసుకోవాలి. మూడేళ్ళు కూడా ఎక్కువే, మా వైపు ఒకరిద్దరు భాగస్తులు విడిపోయినప్పుడు రెండేళ్ళే పెట్టినారు.

పాత ఖాతా పుస్తకం, ప్రొద్దుటూరు · శుక్రవారం రాత్రి

అది ప్రొద్దుటూరులో కూచొని నేను తేల్చలేను. ఎవరైనా పోయి చూడాలి. ఆ ఎకరాలో సగమే వాడుతుంటే సగమే పక్కన పెట్టాలి.

మెడికల్ షాపు, కర్నూలు · శనివారం ఉదయం

ఇదంతా చదివాక నా 4 లక్షలు గుడ్‌విల్ కాదని అర్థమైంది. సార్, మా షాపులో నేను జీతం తీసుకోను, మా తమ్ముడికి సగం వాటా ఉంది. వాడు విడిపోతానంటున్నాడు. నా కష్టానికి కూడా నెలకు ఇంతని తియ్యాలా?

పాత ఖాతా పుస్తకం, ప్రొద్దుటూరు · శనివారం ఉదయం

ముందు మీ పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో పనిచేసే భాగస్తుడికి జీతం రాశారా చూడండి. రాసి ఉంటే అదే తియ్యాలి. రాయకపోతే, ఒక ఫార్మసిస్టును పెట్టుకుంటే ఎంత ఇస్తారో అంత తీసి సగటు లాభం కట్టండి. వివరాలతో వేరే చర్చ మొదలుపెట్టండి, చూస్తాను.

బండలింటి బిడ్డ, కడప · ఆదివారం సాయంత్రం

నిన్న ఎర్రగుంట్లకు పోయొచ్చాను. ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద రాసుకొని పోయాను. అన్న ముందు జీతం లెక్క చదివాడు. "నాది కూడా రాశారా" అని చాలాసేపు ఆ కాగితం పట్టుకొని కూచున్నాడు. తర్వాత 50 మాట వెనక్కి తీసుకున్నాడు. 375 కంటే తక్కువ కుదరదని కూడా ఒప్పుకున్నాడు.

రెండో ఎకరా దగ్గర మాత్రం ఆగిపోయాం. నేనూ పోయి చూశా. రోడ్డు వైపు సగంలో కంపచెట్లు ఉన్నాయి, వెనక సగంలో స్లర్రీ కుప్పలు. అన్న మొత్తం యార్డే అంటున్నాడు. ఆర్టికల్స్‌లో ఆడిటరు ధర అనే ఉంది మేడమ్, మీరన్నట్టే. రిజిస్టర్డ్ వాల్యుయర్‌ను పిలిపించి భూమి కొలిపిస్తామన్నారు. వాల్యుయర్ ఖర్చు తానిస్తానంది అమ్మ.

సార్, సగం ఎకరానే పక్కన పెడితే, 15 శాతంతో ఎంత అవుతుంది?

అనంత బీకాం · ఆదివారం రాత్రి

అక్కా, ఇది నేను చేస్తాను. సగం ఎకరాకు 10 లక్షలనుకుంటే పెట్టుబడి 63. మామూలు లాభం 9.45, సూపర్ ప్రాఫిట్ 0.90. మూడేళ్ళకు 2.70. మొత్తం 83.70 లక్షలు, షేరుకు 418.50. రెండేళ్ళే పెడితే 414. సార్, ఈసారి భూమిని రెండు వైపులా ఒకే ధరకు వేశాను, డిపాజిట్ పక్కన పెట్టాను. సరిపోయిందా?

పాత ఖాతా పుస్తకం, ప్రొద్దుటూరు · ఆదివారం రాత్రి

సరిపోయింది. కానీ రోడ్డు వైపు సగం వెనక సగం కంటే ఎక్కువ ధర చేస్తుంది బాబూ. వాల్యుయర్ వచ్చినాక ఆ 10ని మార్చి మళ్ళీ కట్టు.